బోల్డ్‌గా మెసేజ్ పంపేశాక: జవాబు వచ్చేదాకా రెండో మెసేజ్ పెట్టకుండా ఉండడం ఎలా

శనివారం రాత్రి 10:52కి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, పంపేశాను. చూసింది. ఏమీ అనలేదు" అన్నాడు. అప్పటికి మెసేజ్ వెళ్ళి 12 నిమిషాలు.

మూడు వారాల ముందు రాజమండ్రిలో ఒక స్నేహితుడి పెళ్ళిలో పరిచయమైన అమ్మాయి ఆమె. ఇద్దరూ హైదరాబాద్‌లోనే ఉద్యోగం చేస్తున్నారు. పెళ్ళి ఫొటోలతో మొదలై రోజూ ఏదో ఒకటి మాట్లాడుకుంటున్నారు. ఆ రాత్రి వాడు ధైర్యం చేసి ఇలా రాశాడు: "ఆ ఆకుపచ్చ పట్టుచీరలో నిన్ను చూసినప్పటి నుంచి నా కళ్ళు నా మాట వినడం లేదు. వచ్చే వారాంతం నాతో కాఫీకి వస్తావా? ఫ్రెండ్‌గా మాత్రం కాదు."

మెసేజ్ బాగుంది. మనసులో మాట చెప్పింది, అడగాల్సింది సూటిగా అడిగింది, కాదనే దారి కూడా వదిలింది. చెడితే ఇక ఆ తర్వాత పెట్టే మెసేజ్‌తోనే చెడాలి. ఈ సంగతి నాకు అనుభవం మీద తెలుసు. చాలా ఏళ్ళ క్రితం నేనూ ఇలాగే ఒకరికి రాసి, జవాబు రాకపోతే తెల్లారేలోగా ఏడు మెసేజ్‌లు పెట్టాను. అతను తర్వాతెప్పుడో చెప్పాడు: "మొదటిది చదివి చాలా సంతోషపడ్డాను. పొద్దున లేచి మిగతావి చదివాక భయమేసింది."

జవాబు రాకముందే పెట్టే రెండో మెసేజ్ మొదటిదాన్ని మార్చేస్తుంది. మొదటి మెసేజ్‌లో ఒక ప్రశ్న ఉంది. రెండోదానిలో మన భయం ఉంది. అది అందుకున్న మనిషి "నాకు ఇతను ఇష్టమా?" అని ఆలోచించడం మాని, "ఇప్పుడు ఇతన్ని ఎలా ఊరుకోబెట్టాలి?" అని ఆలోచిస్తారు. ఆ రెండో ప్రశ్నకి ఎంత మంచి జవాబు వచ్చినా మనం కోరుకున్నది అది కాదు. ఆ రాత్రి నుంచి వాడితో ఏమేం చేయించానో వరసగా చెబుతాను.

మొదటి అడుగు: ముట్టుకోవాల్సింది ఏమైనా ఉంటే మొదటి 15 నిమిషాల్లోనే

వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల దాకా `Edit` చేయవచ్చు. పేరు తప్పు పడినా, అర్థం మారిపోయే అచ్చుతప్పు ఉన్నా అప్పుడే దిద్దండి. దిద్దినట్టు పక్కన చిన్న గుర్తు కనిపిస్తుంది, ఫర్వాలేదు. అంతకు మించి వాక్యాన్ని మెత్తబరచడానికి ప్రయత్నించకండి. "ఫ్రెండ్‌గా మాత్రం కాదు" అన్న ముక్క తీసేయనా అని వాడు అడిగాడు. ఆమె అప్పటికే చదివింది. చదివిన మాట మాయమైతే ఆ మాట కన్నా మాయం కావడమే ఎక్కువ గుర్తుంటుంది.

`Delete for everyone` కూడా అంతే. "ఈ మెసేజ్ తొలగించారు" అనే గుర్తు అక్కడ మిగిలిపోతుంది. దాన్ని చూసిన మనిషి తప్పకుండా ఏముందో అని ఊహించుకుంటారు, ఆ ఊహ మీరు రాసిన దానికన్నా మంచిగా ఉంటుందని నమ్మకం లేదు. వేరే మనిషికో, ఫ్యామిలీ గ్రూపుకో పొరపాటున పంపినప్పుడు మాత్రమే ఆ బటన్ వాడండి.

ఇక్కడే ఒక మినహాయింపు చెప్పాలి. తాగి ఉన్నప్పుడు పంపినా, శరీరం గురించి హద్దు దాటి రాసినా, మీ కింద పనిచేసే వాళ్ళకి పంపినా అది ధైర్యం కాదు, తప్పు. అప్పుడు ఒక్క క్షమాపణ అవసరం. భయంతో పెట్టే సారీకి, నిజమైన క్షమాపణకి తేడా తేలిగ్గానే తెలుస్తుంది. "సారీ, తప్పుగా అనుకోలేదు కదా?" అన్నది జవాబు అడుగుతోంది. "రాత్రి నీ గురించి అలా రాయడం తప్పు. మళ్ళీ రాయను. దీనికి జవాబు ఇవ్వక్కర్లేదు" అన్నది ఏమీ అడగడం లేదు. రెండోది ఒక్కసారి పంపి ఆపేయండి.

రెండో అడుగు: గడువు రాసిపెట్టుకోండి

"కాసేపు ఆగు" అంటే ఎవరూ ఆగలేరు, ఎంతసేపో తెలియదు కాబట్టి. తేదీ, టైమ్ ఉండాలి. ఆ గడువు మీ టెన్షన్‌ని బట్టి కాకుండా అవతలి మనిషి అలవాటుని బట్టి ఉండాలి. పాత చాట్ ఒక్కసారి, ఈ పని కోసమే, పైకి జరిపి చూడండి. గత పది సందర్భాల్లో మీ మాటకి ఆమె ఎంతసేపటికి జవాబిచ్చింది? అందులో అన్నిటికన్నా ఎక్కువ ఎంత?

మావాడి చాట్ ఇద్దరం ఫోన్లో మాట్లాడుకుంటూనే లెక్కపెట్టాం. మామూలు రోజుల్లో ఆమె సాయంత్రం 7 దాటాకే మాట్లాడుతుంది. పగలు పెట్టిన వాటికి ఆరేడు గంటలు పట్టేది. గడిచిన రెండు ఆదివారాలూ ఒక్క మాట లేదు, వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తుందట. అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యం ఒకటిన్నర రోజు, అదీ "ఏ సినిమాకి వెళ్దాం?" లాంటి మామూలు ప్రశ్నకి. అలాంటి దానికే ఒకటిన్నర రోజు పట్టిందంటే, "ఫ్రెండ్‌గా మాత్రం కాదు" అన్నదానికి ఇంకా ఎక్కువ పట్టడం న్యాయం. అది ఆలోచించి చెప్పాల్సిన జవాబు. పైగా మధ్యలో ఆదివారం ఉంది.

నా లెక్క ఏమిటంటే, అన్నిటికన్నా ఎక్కువ పట్టిన ఆలస్యానికి రెట్టింపు, ఏదేమైనా మూడు రోజులకి తగ్గకుండా. ఇది శాస్త్రం కాదు, చూసి చూసి నేను కుదుర్చుకున్నది. ఆ లెక్కన మంగళవారం రాత్రి అవుతుంది, ఆదివారాన్ని వదిలేసి బుధవారం రాత్రి 9 అని రాసుకోమన్నాను. కాగితం మీద రాసి అద్దం పక్కన అంటించాడు. వారానికి ఒకసారి మాట్లాడేవాళ్ళయితే గడువు పది రోజులైనా పెట్టుకోండి.

గడువు పెట్టుకున్నందువల్ల ఒక మేలు ఉంది. ఆదివారం మధ్యాహ్నం "ఇంకా రాలేదు" అనిపించినప్పుడు, రావాల్సిన టైమ్ ఇంకా కాలేదన్న మాట ఎదురుగా కనిపిస్తుంది.

మూడో అడుగు: టిక్కులు చెప్పేదెంత, మనం చదివేదెంత

ఎక్కువ బాధ ఇక్కడే పుడుతుంది కాబట్టి నిదానంగా చెబుతాను.

ఒక బూడిదరంగు టిక్కు అంటే మీ ఫోన్ నుంచి వెళ్ళింది, ఆ ఫోన్‌కి ఇంకా చేరలేదు. నెట్ లేకపోవచ్చు, ఫోన్ ఆగిపోయి ఉండవచ్చు, మిమ్మల్ని బ్లాక్ చేసి ఉండనూవచ్చు. ఆ టిక్కు ఒక్కదాన్ని చూసి ఇందులో ఏదో తేల్చలేం. రెండు బూడిదరంగు టిక్కులంటే చేరింది. అయినా చదవలేదని అర్థం కాదు. నోటిఫికేషన్‌లో మొత్తం చదివి చాట్ తెరవకుండా ఉండవచ్చు, లేదా చదివినట్టు చూపించే సెట్టింగ్ ఆపేసి ఉండవచ్చు. రెండు నీలం టిక్కులంటే ఆ చాట్ తెరుచుకుంది. అంతే. శ్రద్ధగా చదివిందా, పక్కన ఎవరైనా ఉంటే గబుక్కున మూసేసిందా అన్నది నీలం రంగులో ఉండదు.

ఒకసారి విజయవాడ నుంచి బస్సులో వస్తుండగా నాకు ఇలాంటి మెసేజ్ వచ్చింది. పక్క సీట్లో అమ్మ. చాట్ తెరిచాను, మొదటి లైను చూశాను, గుండె జల్లుమంది, ఫోన్ బ్యాగులో పడేశాను. పంపినతనికి నీలం టిక్కులు కనిపించాయి. నేను మాత్రం ఇంటికి చేరి, అన్నం తిని, అందరూ పడుకున్నాక నాలుగుసార్లు చదువుకున్నాను. జవాబు రాయడానికి మూడుసార్లు మొదలుపెట్టి చెరిపేశాను, మరీ ఆత్రంగా ఉందేమో, మరీ పొడిగా ఉందేమో అని. మర్నాడు సాయంత్రం గానీ పంపలేకపోయాను. అతని వైపు నుంచి చూస్తే అది దాదాపు ఒక రోజు మౌనం. నా వైపు నుంచి అంత నిండుగా గడిచిన రోజు ఆ మధ్య లేదు.

మన ఇళ్ళల్లో ఫోన్ ఒంటరి వస్తువు కాదు. తమ్ముడు ఆటలాడుకోవడానికి తీసుకుంటాడు, అమ్మ ఫొటోలు చూస్తుంది, హాస్టల్లో రూమ్మేట్ భుజం మీద నుంచి తొంగిచూస్తుంది. ఇలాంటి మెసేజ్‌కి జవాబు రాయాలంటే తనకంటూ కొంత చోటు, కొంత సేపు కావాలి.

"ఆన్‌లైన్" అని కనిపించడం కూడా మీకు సంబంధించిన సమాచారం కాదు. ఆఫీసు గ్రూపులో ఏదో చూస్తుండవచ్చు. "టైపింగ్" అని వచ్చి ఆగిపోతే అది చెడ్డ సంకేతమని మావాడు గట్టిగా నమ్మాడు. రాసి చెరపడం నేను బస్సు దిగాక చేసిన పనే.

నాలుగో అడుగు: చూడడం తగ్గించండి, పంపాలన్న కోరికా తగ్గుతుంది

మనసుని ఆపుకోవడం కన్నా చెయ్యి చాట్ దాకా వెళ్ళకుండా చేయడం తేలిక. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాల్లో ఒక సంగతి బయటపడింది. బిళ్ళని ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజలు పడితే పావురం కావలసినప్పుడు పొడుస్తుంది. ఎప్పుడు పడతాయో తెలియకుండా అప్పుడప్పుడూ పడితే విడవకుండా పొడుస్తూనే ఉంటుంది. చాట్ తెరిచి చూడడం కూడా అలాంటిదే. నలభైసార్లు ఏమీ ఉండదు, నలభై ఒకటోసారి ఉండవచ్చు. అందుకే ఆగలేం. తెరిచిన ప్రతిసారీ కింద ఖాళీ డబ్బా, అందులో మెరిసే గీత. రాయమని పిలుస్తున్నట్టే ఉంటుంది.

కాబట్టి ఆ చాట్‌ని `Archive` చేయండి. సెట్టింగుల్లో `Keep chats archived` ఆన్‌లో ఉంటే కొత్త మెసేజ్ వచ్చినా ఆ చాట్ పైకి రాదు, నోటిఫికేషన్ మోగదు. ఆమెకి ఈ సంగతి తెలియదు. తర్వాత రోజుకి రెండుసార్లు మాత్రమే చూసేలా టైమ్ పెట్టుకోండి. మావాడికి మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒకసారి, రాత్రి 9కి ఒకసారి అని కుదుర్చుకున్నాం. ఆమె 7 తర్వాత మాట్లాడే మనిషి కాబట్టి 9కి చూడడంలో అర్థముంది. మరీ నిద్రకి ముందు చూడకండి, ఏమీ రాకపోతే ఆ రాత్రి పాడవుతుంది. మొదటి రోజు వాడు రెండుసార్లకి బదులు పదకొండుసార్లు చూశాడు. రెండో రోజు ఐదు. తగ్గుతోందంటే చాలు.

మీ `Last seen` కూడా ఆపేసుకుంటే మంచిది. అది ఎవరికీ కనిపించకుండా పెట్టుకుంటే అవతలి వాళ్ళది మీకూ కనిపించదు. ఆ రెండో సంగతి కోసమే చెబుతున్నాను.

రాత్రి 11 నుంచి ఒంటిగంట దాకా జాగ్రత్త. రెండో మెసేజ్‌లు ఎక్కువగా అప్పుడే వెళ్తాయి. ఫోన్ హాల్లో చార్జింగ్‌కి పెట్టి, వేరే గదిలో పడుకోండి. అలారం కావాలంటే మామూలు గడియారం ఉంది.

ఐదో అడుగు: వేళ్ళు దురద పెట్టినప్పుడు

అయినా ఏదో ఒక గంటలో రాయాలనిపిస్తుంది. ఆ గంట కోసం ముందే ఒక వాక్యం తయారుగా ఉండాలి. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ చాలా ఏళ్ళు పరిశోధించిన పద్ధతి ఇది: "పంపకూడదు" అని తీర్మానించుకోవడం కన్నా, "ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను" అని ముందే కట్టిపెట్టుకుంటే పాటించడం సులువవుతుంది. మావాడి వాక్యం: "ఆమెకి ఏదైనా రాయాలనిపిస్తే, ఫోన్ పక్కన పెట్టి, అదే మాట నోట్‌బుక్‌లో రాసి, కిందికి వెళ్ళి టీ తాగి వస్తాను." నోట్‌బుక్ అనడానికి కారణముంది. చాట్‌లో రాసి పంపకుండా ఉందామనుకుంటే "టైపింగ్" అని ఆమెకి కనిపించవచ్చు, వేలు జారవచ్చు కూడా.

ఆ నోట్‌బుక్‌లో వాడు నాలుగు రోజుల్లో రాసినవి నాకు చూపించాడు. అందరూ రాసేవి ఇవే.

"పడుకున్నావా?" ఇది అమాయకంగా కనిపిస్తుంది, కానీ లోపలి అర్థం "ఎందుకు పలకడం లేదు?" అనే. చదివేవాళ్ళకి అదే వినిపిస్తుంది.

"ఊరికే అన్నాలే, జోక్." ఇది అన్నిటికన్నా నష్టం చేస్తుంది. ఆమె అవును అనబోతుంటే ఆ అవును నోట్లోనే ఆగిపోతుంది. జోక్‌కి అవునంటే తన పరువేం కావాలి? కాదనబోతుంటే మీరు నిజాయితీగా లేరని తెలుస్తుంది. ఎటు చూసినా మీ మాట మీరే వెనక్కి లాక్కున్నట్టు.

"నీకు ఇష్టం లేకపోతే చెప్పెయ్, ఏం అనుకోను." ఇందులో మంచితనం ఉన్నట్టే ఉంటుంది, కానీ ఇది తొందర. పైగా కాదు అనే మాటని మనమే ఆమె నోటికి అందిస్తున్నాం.

నాలుగోది ప్రశ్నగుర్తు ఒక్కటే: "?". దాని గురించి చెప్పడానికేమీ లేదు, పంపకండి.

రాసిన ప్రతిదాని కింద ఒక్క ప్రశ్న వేసుకోమన్నాను: ఇది ఆమెకి ఏదైనా కొత్త సంగతి చెబుతుందా, లేక నాకు ఊరట కావాలని మాత్రమే చెబుతుందా? నాలుగింటికీ ఒకటే జవాబు వచ్చింది.

దొంగదారులూ రెండో మెసేజ్‌లే

చాలామంది మెసేజ్ పెట్టలేదని సంతోషపడుతూనే వేరే దారిలో తట్టి చూస్తారు. ఆమె చూడాలని ఒక పాట స్టేటస్ పెట్టడం, ఆమె స్టేటస్ పెట్టిన నిమిషంలోనే చూడడం, ఇన్‌స్టాగ్రామ్‌లో రెండేళ్ళ కిందటి ఫొటోకి లైక్ కొట్టడం, మిస్డ్ కాల్ ఇచ్చి "పొరపాటున తగిలింది" అనడం, పెళ్ళికొడుకైన స్నేహితుణ్ణి "ఏమైనా అందా?" అని ఆరా తీయమనడం. అవతలి వైపు ఇవన్నీ తెలిసిపోతాయి. స్టేటస్ చూసినవాళ్ళ పేర్లు కనిపిస్తాయి, స్నేహితుడు అడిగితే "నీ గురించే అడుగుతున్నాడు" అన్న మాట గంటలో చేరుతుంది. ఆమె ఒకరికి చెప్పాల్సిన జవాబు కాస్తా పదిమంది ఎదురుచూసే జవాబైపోతుంది.

మాట్లాడకుండా ఉండలేకపోతే ఒక్క మనిషిని ఎంచుకోండి, ఆమెకి తెలియని మనిషి అయితే మేలు. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టకండి. అక్కడున్నవాళ్ళు తలా ఒక అర్థం చెప్పి మిమ్మల్ని రెచ్చగొడతారు. పైగా ఆమె మాటలు మీకోసం రాసినవి, గ్రూపు కోసం కాదు.

జవాబు వస్తే

మంగళవారం రాత్రి 9కి చూసుకున్నాడు. 8:15కి వచ్చి ఉంది: "ఆదివారం అమ్మ దగ్గర ఉన్నాను, సోమవారం ఏం రాయాలో తెలియలేదు. కాఫీ నాకు పడదు, టీ అయితే సరే. శనివారం." వాడు వెంటనే "శనివారం 5 గంటలకి, చోటు నువ్వు చెప్పు" అని రాశాడు. ఆమె మూడు రోజులు తీసుకుంది కదా అని తనూ మూడు గంటలు ఆగి జవాబివ్వనా అని నన్ను అడిగాడు. అక్కర్లేదు. చూసినప్పుడు చూసినట్టే రాయండి. "ఎంత టెన్షన్ పడ్డానో తెలుసా" అన్నది మాత్రం ఆ రాత్రే చెప్పకండి. అది ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నప్పుడు చెబితే నవ్వుకునే సంగతి, ఫోన్‌లో అయితే ఫిర్యాదులా చేరుతుంది.

ఒక నవ్వు బొమ్మ మాత్రమే వచ్చిందనుకోండి, లేదా మీరు అడిగింది వదిలేసి వేరే విషయం మాట్లాడారనుకోండి. అది అవును కాదు. ఆ కొత్త విషయం మీద మామూలుగా మాట్లాడండి, పాత ప్రశ్న మళ్ళీ తేకండి. వాళ్ళకి కావాలంటే వాళ్ళే తెస్తారు. కాదంటే ఒక్క లైను చాలు: "చెప్పినందుకు థ్యాంక్స్, అర్థమైంది." కారణాలు అడగకండి.

గడువు దాటినా రాకపోతే

చదివి, గడువు దాటేదాకా ఏమీ అనలేదంటే దాన్ని జవాబుగానే తీసుకోండి. "చూశావా?" అని అడిగే హక్కు గడువుతో పుట్టదు. మెసేజ్ నిజంగా చేరలేదేమో అనిపించే ఒకే ఒక సందర్భం, ఒకే టిక్కు రోజుల తరబడి ఉండడం. అప్పుడు కూడా ఇంకో యాప్‌లోనో, ఇంకో నంబర్ నుంచో ప్రయత్నించకండి. ఫోన్ పాడైతే బాగయ్యాక అదే చేరుతుంది, బ్లాక్ చేసి ఉంటే మీకు జవాబు అందినట్టే.

ఇక్కడ చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. ఇష్టం లేదని స్పష్టంగా తెలిపాక కూడా ఒక స్త్రీని మగవాడు పదే పదే సంప్రదించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది, అంతకుముందు ఐపీసీలో 354డి. మొదటిసారికి మూడేళ్ళ దాకా జైలు ఉండవచ్చు. బ్లాక్ చేసిన మనిషికి కొత్త నంబర్ నుంచి రాసేముందు ఇది గుర్తు చేసుకోండి. ఆడవాళ్ళు రాసినా భయపెట్టడం భయపెట్టడమే.

జవాబు రాని రోజు కాగితం తీసేయండి, చాట్ `Archive`లోనే ఉంచండి. పంపిన మెసేజ్ చెరపక్కర్లేదు. ఇద్దరికీ తెలిసిన స్నేహితులుంటే ఏదో గృహప్రవేశంలోనో, పుట్టినరోజు నాడో ఎదురుపడతారు. తప్పించుకుని పక్కకి వెళ్ళిపోతే ఆమెకి ఇబ్బంది, ఆ మెసేజ్ ప్రస్తావన తెస్తే ఇంకా ఇబ్బంది. మీరే ముందు పలకరించండి. "బాగున్నారా? భోజనం చేశారా?" అని, జవాబు విని, ప్లేటు పట్టుకుని మీ వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చోండి.